రాబోయేవాడి కుర్చీ

ఏంటే, కుర్చీ కింద తల దూర్చి ఏం వెతుకుతున్నావ్? ఆ గుడ్డమూటా? విప్పకే... సరే, విప్పేశావుగా. చూడు మరి. నాలుగు చెక్కముక్కలు, అంతే. నాలుగువేళ్ళ ఎత్తు ఒక్కోటి. పారేద్దామంటావా? ఇల్లు మారేటప్పుడు నీకు కంటికి కనిపించిందల్లా పారెయ్యాలనిపిస్తుంది, మీ నాన్న పోలిక. పారెయ్యడానికి వీల్లేదు. అవి ఈ కుర్చీవి కావు, ఇంకొకరివి. ఎవరివా? వస్తే చూద్దువుగాని. ఆ పెట్టె మీద దుమ్ము దులిపి కూర్చో, చెప్తాను. ఎలాగూ సర్దుడు ఇవాళ అయ్యేలా లేదు.

ఇది మా బావ చేసింది. మా అక్క మొగుడు. నువ్వు పుట్టడానికి చాలా ముందే పోయాడు, ఫోటో కూడా సరైనది లేదు, ఉన్న ఒక్కదాంట్లో కళ్ళు మూసుకున్నాడు. కుర్చీలు చేసేవాడు. తలుపులూ కిటికీలూ మంచాలూ కూడా చేసేవాడనుకో, కడుపు నిండాలి కదా, కానీ మనసంతా కుర్చీల మీదే. మహా మొండిమనిషి. కుర్చీ కావాలని ఎవరైనా వస్తే చెక్క సంగతి కాదు, "మీరేం పని చేస్తారు?" అని అడిగేవాడు ముందు. "నీకెందుకయ్యా, నాలుగు కాళ్ళూ ఒక వీపూ పెట్టు" అంటే, "అయితే సంతలో కొనుక్కోండి" అనేవాడు. దర్జీకి చేతులు లేని కుర్చీ, మోచేతులు ఆడాలి కదా. రోజంతా రాసుకునేవాడికి ముందుకు వంగే కుర్చీ, వెనక్కి వాలే కుర్చీ ఇస్తే వాడు నిద్రపోతాడు. పిల్లకి పాలిచ్చే తల్లికి పొట్టిది, వెడల్పుది. కాళ్ళు మాత్రం కావాలనే పొడుగ్గా ఉంచేవాడు. మనిషిని కూర్చోబెట్టి, పాదాలు ఎక్కడ ఆనుతాయో చూసి, చివర్న కోసేవాడు. "కూర్చునేవాడు రాకముందే కాళ్ళు కొయ్యకూడదు పిల్లా, కోసినదాన్ని మళ్ళీ అతికించలేం" అనేవాడు నాతో. ఏదో వేదం చెప్పినట్టు చెప్పేవాడు, నేను నవ్వేదాన్ని. మా అక్క మటుకు, "పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఏం పని చేస్తావనే అడిగాడే, వంట అన్నాను, పొయ్యి ముందుకు పీట చేసి పంపాడు" అని ఇప్పటికీ... ఇప్పటికీ ఏంటి, అదీ పోయింది పాపం.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఆస్పత్రి. నాకు ఇరవైరెండో ఏట ఊపిరితిత్తుల జబ్బొచ్చింది. అప్పట్లో దానికి మందు లేదు. గాలి, ఎండ, గుడ్లు, పాలు, పడక. ఊరి చివర పెద్ద ఆస్పత్రి ఉండేది, అక్కడ పడేస్తే ఏడాదో రెండేళ్ళో, బాగుపడితే బాగుపడ్డట్టు. మీ నాన్నకి అప్పుడు పదినెలలు. పిల్లల్ని లోపలికి రానివ్వరు, అంటుకుంటుందని. మా అక్కే పెంచింది. రోజూ పొద్దున తొమ్మిదింటికి మీ నాన్నని చంకనేసుకుని వచ్చి రోడ్డు మీద నిలబడేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. వార్డు కిటికీలన్నీ తోటవైపు. రోడ్డువైపు కిటికీ ఉన్నది ఒక్క గదికే, ఎండగది అనేవాళ్ళు. మూడువైపులా అద్దాలు, నాలుగు బెంచీలు. ఆడవార్డు వాళ్ళూ మగవార్డు వాళ్ళూ కలిసి కూర్చునేదీ, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకునేదీ అక్కడే. మీ నాన్న తప్పటడుగులు వెయ్యడం నేను ఆ అద్దంలోంచే చూశాను. పడ్డాడు కూడా. ఎత్తుకోవడానికి లేదు.

ఆ ఆస్పత్రి కట్టించిన పెద్దావిడ పోతూ పోతూ వీలునామాలో ఒక మెలిక పెట్టింది. మంచావిడే, కాస్త వింత మనిషి. లోకాన్ని ఉద్ధరించడానికి ఒక మహానుభావుడు రాబోతున్నాడనీ, ఏ మతం చూసినా ఆ మాటే ఉందనీ ఆవిడ నమ్మకం. ఆయన కోసం ఎండగదిలో ఒక కుర్చీ వేయించాలట. వార్డులో ఉన్న ఒక్కో మతానికీ ఒక మనిషి చొప్పున, ఇది మాకు సమ్మతమే అని సంతకం పెట్టాలట. ఏడాదిలోపు ఆ పని జరిగితే గది ఎప్పటికీ రోగులదే. జరక్కపోతే పెద్దడాక్టరుగారి ఇష్టం. ఆయనకి ఆ గది కావాలి, ఎక్స్‌రే మిషను పెట్టడానికి. అద్దాలకి నల్లరంగు వేయిస్తాడు. చెడ్డవాడు కాదే ఆయన. మిషను కూడా మాకోసమే. కానీ నాకు మీ నాన్న కనపడడు. ఇక అంతే. మిషను నా ఊపిరితిత్తులు చూస్తుంది, నేనెవర్ని చూడను?

మంచాలు బాగుచెయ్యడానికి ఎలాగూ బావే వస్తుండేవాడు కాబట్టి కుర్చీ పని ఆయనకే చెప్పారు. ఇక్కడే చూడు, జన్మలో చెయ్యని తప్పు చేశాడు. డాక్టరుగారు "ఎవరో మహానుభావుడికటయ్యా, పెద్ద కుర్చీ చేసి పారెయ్" అన్నాడు. మహానుభావుడంటే రాజే కదా అనుకున్నాడు మావాడు. ఏం పని చేస్తాడని అడగలేదు. దర్జీని అడిగినవాడు, క్షవరం చేసేవాణ్ణి అడిగినవాడు, లోకాన్ని ఉద్ధరించేవాడి పనేమిటని అడగలేదు. నాలుగు నెలలు కూర్చుని సింహాసనం చేశాడు. చేతులకి సింహాలు, వీపుకి సూర్యుడు. ఇద్దరు మోసుకొచ్చారు. సంతకాలు పెట్టాల్సిన ఆరుగురూ చుట్టూ చేరి చూశారు. ఆరుగురూ వద్దన్నారు.

అప్పుడు మా బావ ముఖం నేను చూశాను, అందుకే చెప్తున్నా. మూడ్రోజులు అన్నం తినలేదట, మా అక్క రోడ్డు మీదనుంచి సైగలు చేసి చెప్పింది. నాలుగోరోజు చెవిలో పెన్సిలు పెట్టుకుని, పల్చటి చెక్కపలక ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. "తప్పు నాది. ముందు అడగాల్సింది. ఇప్పుడు ఒక్కొక్కరూ చెప్పండి, మీవాడు వచ్చి ఏం పని చెయ్యాలి?" అన్నాడు.

మొదట గడియారాల తాత. గడియారాలు బాగుచేసేవాడు, యూదుడు, ముక్కు మీద భూతద్దం గుర్తు ఎప్పటికీ పోలేదు. "మా మెస్సయ్య దేవుడు కాదు నాయనా. అమ్మకీ నాన్నకీ పుట్టిన మనిషే, దావీదు రాజు వంశంలో. పని అడిగావు, బావుంది. చెల్లాచెదురైన మావాళ్ళని మళ్ళీ ఒకచోట చేర్చాలి. కూలిపోయిన మా ఆలయం మళ్ళీ కట్టాలి. ఏ దేశమూ ఇంకో దేశం మీదికి కత్తి ఎత్తకూడదు, యుద్ధం నేర్చుకోవడమే మానేయాలి. మహిమలు చూపించక్కర్లేదు. ఇవన్నీ జరిగితే అతనే అని తెలుసుకుంటాం. జరక్కముందే చచ్చిపోయాడనుకో, మంచివాడే, కానీ అతను కాదు. మాలోనే వేరేగా చెప్పేవాళ్ళూ ఉన్నారు, నేను మా నాన్న చెప్పింది చెప్తున్నా. పని అవ్వకముందే సింహాసనం వేసిపెట్టడం మాకు కుదరదు" అన్నాడు. బావ రాసుకున్నాడు. చేర్చాలి, కట్టాలి, యుద్ధం ఆపాలి.

పక్కనే పాటల టీచరమ్మ. చర్చిలో పిల్లలకి పాటలు నేర్పేది, ఆ జబ్బులో గొంతు పోయింది పాపం, గుసగుసగానే మాట్లాడేది. ఆవిడకి కోపం రానే వచ్చింది. "రాబోయేవాడు ఏంటి? మా ఆయన వచ్చేశాడు" అంది. మా ఆయన అంటే యేసు. "మా పాపాలన్నీ తన మీద వేసుకుని ప్రాణం పెట్టి, మూడోరోజు లేచాడు. ఆ పని పూర్తయిపోయింది, దానికి ఇంకెవరూ ఏమీ కలపక్కర్లేదు. మళ్ళీ వస్తాడు, అది వేరే పని. బతికున్నవాళ్ళకీ చచ్చిపోయినవాళ్ళకీ తీర్పు చెప్తాడు, చచ్చినవాళ్ళని లేపుతాడు, ప్రతి కంటినీరూ తుడుస్తాడు, చావే ఉండదు ఇక." తాత గొణిగాడు, "ఒకే మనిషి రెండుసార్లు రావడం ఎందుకమ్మా, మొదటిసారే అన్నీ చెయ్యొచ్చుగా." "అందుకే మీరూ మేమూ వేరువేరు బెంచీల మీద కూర్చున్నాం" అంది ఆవిడ. ఇద్దరూ రోజూ చదరంగం ఆడుకునేవాళ్ళే, దాంట్లోనూ పోట్లాటే. బావ రాసుకున్నాడు. ఒక పని అయింది, ఒకటి మిగిలింది. తల గోక్కున్నాడు. సగం అయిన పనికి కుర్చీ ఎలా చెయ్యాలి చెప్పు?

తర్వాత బస్సు డ్రైవరు. పొగా దుమ్మూ మింగి వచ్చినవాడు, ముస్లిం. "మాకు ఇద్దరు అన్నా" అన్నాడు. "మహదీ అనే ఆయన, మా ప్రవక్త కుటుంబంలోంచి పుడతాడు. నాయకత్వం కావాలని ఆయన అడగడు, జనమే పట్టుబట్టి ఒప్పిస్తారు. అన్యాయంతో నిండిపోయిన భూమిని అంతే న్యాయంతో నింపుతాడు, అదీ ఆయన పని. ఆ కాలంలోనే ఈసా ప్రవక్త పైనుంచి దిగుతాడు." టీచరమ్మ చూసింది. "మీ యేసే అమ్మా. కానీ దేవుడుగా కాదు, ప్రవక్తగా. దజ్జాలు అని ఒక పెద్ద మోసగాడు లోకాన్ని మభ్యపెడుతుంటాడు, వాణ్ణి చంపేది ఆయన. నమాజు వేళకి మహదీ వెనక్కి జరిగి, మీరు ముందుండి చేయించండి అంటాడు. ఈసా, కాదు, మీరే చేయించండి అని ఆయన వెనక నిలబడతాడు. ఇప్పుడు మీరు ఒక్క కుర్చీ వేస్తే ఎవరు కూర్చుంటారు? మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని ఇద్దరూ నిలబడే ఉంటారు." అందరం నవ్వాం.

ఆ రోజు చూడ్డానికి వచ్చే రోజు కాబట్టి వాళ్ళావిడ కూడా ఉంది. ఆవిడ పుట్టింటివాళ్ళు షియాలు. మధ్యలో అందుకుంది, "పుడతాడేంటి, ఎప్పుడో పుట్టాడు. మా పన్నెండో ఇమాము. వెయ్యేళ్ళు దాటింది, మరుగున ఉన్నాడంతే. మబ్బు వెనక సూర్యుడిలాగా. మన బజార్లలో తిరుగుతాడు, మన చాపల మీద నడుస్తాడు, మనమే గుర్తుపట్టం. మీరు చేసిన కుర్చీల్లో ఎందులోనో ఎప్పుడో కూర్చునే ఉంటాడు అన్నయ్యా" అంది. డ్రైవరు నా వైపు తిరిగి, "ఇంట్లో కూడా ఇదే గొడవ, ఇరవైయేళ్ళుగా" అన్నాడు. కానీ మా బావ మొహం చూడాలి ఆ మాటకి. ఆ సాయంత్రం దుకాణంలో ఉన్న కుర్చీలన్నీ తడిగుడ్డ పెట్టి తుడిచాడట. మా అక్క చెప్పి చెప్పి నవ్వేది. నాకు నవ్వు రాలేదు మరి.

ఇంకెవరు... లెక్కల మాష్టారు. కల్కి కావాలాయనకి. "తెల్లగుర్రం మీద వస్తాడోయ్, చేతిలో కత్తి. రాజుల వేషం వేసుకుని జనాన్ని దోచేవాళ్ళందర్నీ నరికేస్తాడు. ఆ తర్వాత మిగిలినవాళ్ళ మనసులు స్ఫటికంలా తేటపడి మళ్ళీ కృతయుగం మొదలవుతుంది. ఇది ముగింపు కాదు సుమా, చక్రం మళ్ళీ మొదటికి రావడం. మళ్ళీ త్రేత, మళ్ళీ ద్వాపరం, మళ్ళీ కలి." "ఎప్పుడండీ వచ్చేది?" అన్నాడు బావ. మాష్టారికి లెక్కంటే ప్రాణం కదా, వేళ్ళు మడిచాడు. "కలియుగం నాలుగు లక్షల ముప్ఫైరెండువేల ఏళ్ళు. అయిదువేలు అయింది. ఇంకా నాలుగు లక్షల ఇరవైయేడువేలు ఉంది." బావ పెన్సిలు దించేశాడు. "అన్నేళ్ళు ఏ కర్రా నిలవదు మాష్టారూ" అన్నాడు. "అయినా గుర్రం మీదవాడికి కుర్చీ ఎందుకు, జీను చెయ్యి" అన్నాడాయన.

వంటమనిషి ఒకామె ఉండేది, తనూ రోగే, బౌద్ధురాలు. మాట తక్కువ, మనిషి గట్టిది. ఆమె చెప్పింది మాత్రం నాకు వెంటనే అర్థం కాలేదు. "మైత్రేయుడు ఇప్పుడు తుషితమనే స్వర్గంలో ఉన్నాడు. తొందరేమీ లేదు. బుద్ధుడు చెప్పింది లోకంలో ఒక్కరికి కూడా గుర్తులేనంతగా మరిచిపోయాక వస్తాడు. వచ్చి అదే ధర్మం మళ్ళీ చెప్తాడు. ఎవర్నీ తీర్పు తీర్చడు, ఎవర్నీ ఎత్తుకుని దాటించడు. దారి చూపిస్తాడు, నడవాల్సింది మనం." "మరి ఎలా కూర్చుంటాడు?" అన్నాడు బావ. చూశావా, ఆ ప్రశ్నకి జవాబు ఉన్నది ఆమె దగ్గరే. మిగతా బుద్ధుల్లాగా బాసింపట్టు వేసుకుని కాదట, చాలా బొమ్మల్లో ఎత్తుపీట మీద కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంటాడట, ఏ క్షణమైనా లేచి రావడానికి అన్నట్టు. బావ గబగబా బొమ్మ గీసుకున్నాడు. పాపం, ఆయనకి దొరికిన ఒకే ఒక్క కొలత అది.

ఆఖరున టైపు తాత. ఏదో ఆఫీసులో నలభైయేళ్ళు టైపు కొట్టాడు. జరతుష్ట్ర మార్గం వాళ్ళది, నిప్పు ముందు నిలబడి ప్రార్థిస్తారు. వాళ్ళ రక్షకుడి పేరు సోష్యంత్. ఒక సరస్సులో జరతుష్ట్రుడి బీజాన్ని కాపాడుతూ ఉంచారట, ఎన్నో తరాల తర్వాత ఒక కన్యపిల్ల అందులో స్నానం చేస్తుంది, ఆమెకి పుడతాడు. అతని పని? చచ్చిపోయినవాళ్ళందర్నీ లేపడం. "ఎవరు ఎక్కడ చచ్చారో అక్కడే లేస్తారు" అన్నాడు. నేనుండి, "అయితే మన తొమ్మిదో నంబరు మంచం దగ్గర పెద్ద తొక్కిసలాట అవుతుంది తాతా" అన్నాను. ఆ మంచం మీద ఎంతమంది పోయారో లెక్కలేదు. ఆయన నవ్వి, దగ్గి, మళ్ళీ చెప్పాడు. "అప్పుడు కొండల్లోని లోహమంతా కరిగి నదిలా పారుతుంది. అందరూ అందులోంచి నడవాలి. మంచివాళ్ళకి గోరువెచ్చని పాలలా ఉంటుంది. చెడ్డవాళ్ళకి కరిగిన లోహంలాగే ఉంటుంది. కానీ అమ్మాయ్, అవతలి గట్టుకి అందరూ శుభ్రపడే చేరతారు. నరకం కూడా ఖాళీ అయిపోతుంది. లోకం కొత్తగా అవుతుంది." ఇంకో మాట కూడా చెప్పాడు, ఆ పేరుకి మేలు చేసేవాడని అర్థమట, పాత మంత్రాల్లో అది ఒక్కడికే కాదు, మేలు చేసేవాళ్ళందరికీ వాడారట.

అయ్యిందా. పలక నిండిపోయింది. బావ ఇంటికెళ్ళి ఆ పలక ముందు పెట్టుకుని కూర్చున్నాడు. దేశాల్ని ఆపేవాడు ఒకడు, పాపం మోసినవాడు ఒకడు, న్యాయం నింపేవాడు, యుగం తిప్పేవాడు, మరిచిపోయింది చెప్పేవాడు, చచ్చినవాళ్ళని లేపేవాడు. ఒకరి పని ఇంకొకరి పని కాదు. గడువు దగ్గరికొచ్చేసింది. ఈలోగా పెద్దడాక్టరుగారు ఒకసారి వచ్చి, మంచిమాటే అనుకుని, "పేర్లు వేరేగానీ అందరూ ఒక్కడి కోసమే కదండీ చూసేది, సంతకాలు పెట్టేస్తే పోలా" అన్నాడు. ఎప్పుడూ కలవని ఆరుగురూ అప్పుడు కలిసిపోయారు, ఆయన మీద. గడియారాల తాత అన్నాడు, "డాక్టరుగారూ, విరిగిన కాలుకీ ఆడని ఊపిరికీ ఒకటే మందు రాస్తారా మీరు? ముందు జబ్బేమిటంటారో అడగండి. ఆవిడ పాపం అంటుంది, నేను చెదిరిపోవడం అంటాను, ఈయన అన్యాయం అంటాడు, ఆమె మతిమరుపు అంటుంది."

గడువు ఆఖరి రోజు పొద్దున. బావ ఒక్కడే ఒక కుర్చీ మోసుకొచ్చాడు. కుర్చీ అని కూడా అనలేం, కూర్చునే చెక్క, వీపు, కొయ్యని పొడుగు కాళ్ళు నాలుగు. చేతులు విడిగా సంచిలో ఉన్నాయి. అందరి ముందూ పెట్టి, "ఆరు పనులు. ఆరు కుర్చీలు చెయ్యమంటే చేస్తాను. అందరికీ ఒక్కటి చెయ్యడం నా చేతకాదు. ఓడిపోయాను" అన్నాడు. నా వైపు మాత్రం చూడలేదు. నా సంగతి ఆయనకి తెలుసు కదా. డాక్టరుగారు గదికి తాళం వెయ్యడానికి తాళంచెవి తీశాడు. అప్పుడు టైము తొమ్మిది.

నేను ఆగలేకపోయాను. ఆఖరిసారి చూసుకుందామని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. పరిగెత్తడం అంటే ఏముందిలే, పది అడుగులు. మా అక్క అప్పుడే రోడ్డు మలుపు తిరిగింది, మీ నాన్న తలకి ఎర్రటోపీ. అంతే, ఊపిరి అందలేదు. గాలి కోసం నోరు తెరిస్తే గాలే లేదు. కళ్ళు చీకట్లు కమ్మాయి. వెనకనుంచి ఏదో మోకాళ్ళకి తగిలి కూలబడ్డాను. బావ ఆ కుర్చీ తోశాడు నా కిందికి. కాళ్ళు పొడుగు కదా, నా పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. ఆయాసం వచ్చినవాళ్ళు ఎలా కూర్చుంటారో తెలుసా నీకు? వెనక్కి వాలరు. ముందుకి వంగుతారు, మోచేతులకి ఏదైనా ఆనిక కావాలి, అప్పుడే రొమ్ము విచ్చుకుంటుంది. నా చేతులు దేనికోసమో గాల్లో తడుముతున్నాయి. మా బావ చూశాడు అది. సంచిలోంచి కుర్చీ చేతులు రెండూ తీసి, ఒకటి తను పట్టుకుని, ఒకటి డ్రైవరు చేతికిచ్చి, నా మోచేతుల కింద ఎత్తి పట్టుకున్నారు, ఇంకాస్త ముందుకి, ఇంకాస్త పైకి. ఆ ఎత్తు దొరకగానే గాలి లోపలికి పోయింది. ఇప్పటికీ ఆ మొదటి గాలి గుర్తుందే నాకు. కళ్ళు తెరిస్తే ఎదురుగా అద్దం, అద్దంలో ఎర్రటోపీ.

నేను రాబోయేవాడి కుర్చీలో కూర్చున్నానని అప్పుడు తెలిసింది నాకు. లేవబోయాను. "కూర్చో" అంది టీచరమ్మ గుసగుసగా. "మా ఆయన వచ్చి నిన్ను లేపి కూర్చుంటాడనుకున్నావా?" గడియారాల తాత గొంతు సవరించుకున్నాడు. "మాలో ఒక కథ ఉంది. మెస్సయ్య ఎక్కడున్నాడని ఒక పెద్దాయన అడిగితే, ఊరి గుమ్మం దగ్గర రోగుల మధ్య కూర్చున్నాడు అన్నారట. అక్కడున్నవాళ్ళంతా కట్లన్నీ ఒకేసారి విప్పి ఒకేసారి కట్టుకుంటారు. అతను మాత్రం ఒక్కో కట్టే విప్పి కట్టుకుంటాడు, పిలుపొస్తే ఆలస్యం కాకూడదని. అలాంటివాడు ఈ గదిలోకొస్తే కుర్చీ అడగడు" అన్నాడు. డ్రైవరు, "మావాళ్ళిద్దరూ ఎలాగూ మీరంటే మీరంటారు, ఈలోపు చెల్లెమ్మ కూర్చోవడం మంచిదే" అన్నాడు. మాష్టారు, "గుర్రం దిగేదాకా ఖాళీయేగా" అన్నాడు. టైపు తాత, "మేలు జరిగింది, అది చాలు" అన్నాడు. వంటమనిషి మాత్రం ఏమీ అనకుండా నా పాదాల వంక చూసి నవ్వింది, వేలాడుతున్నాయని.

కాగితం మాష్టారే రాశాడు. ఈ కుర్చీ రాబోయేవాడిది. అతనెవరో, ఏం చెయ్యాలో మేం ఒప్పుకోలేదు, ఒప్పుకోబోము. అతను వచ్చేదాకా గదిలో అందరికంటే ఎక్కువ ఆయాసపడేవాళ్ళు ఇందులో కూర్చోవాలి. దీనికి అందరం ఒప్పుకున్నాం. ఇంతే. ఆరు సంతకాలు పడ్డాయి, ఆరు రకాల కారణాలతో. డాక్టరుగారు రెండుసార్లు చదివి, తాళంచెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. మిషను మెట్ల కింద గదిలో పెట్టించాడు, ఇరుకే, అయినా పనిచేసింది.

తర్వాత బావ మోకాళ్ళ మీద కూర్చుని పెన్సిలు తీశాడు. "నీ పనేమిటి?" అన్నాడు. నన్నే. మరదల్ని కదా, ఎప్పుడూ ఏడిపించేవాడు, ఆ రోజు ఏడిపించడం కాదు. మామూలుగా ఎవర్నడిగినట్టు అడిగాడు. నేనప్పటిదాకా చావు కోసం ఎదురుచూస్తున్నదాన్నే, దానికి పని ఏముంటుంది? చాలాసేపు ఆలోచించి, "ఊపిరి పీల్చడం బావా" అన్నాను. రాసుకున్నాడు. పలక మీద ఏడోది. ఆ పలకే ఈ కుర్చీ కింద మేకులు కొట్టి ఉంది, వంగి చూడు, కనిపిస్తుందా? చివరి వరస నాది. చేతులు ఆ ఎత్తులోనే బిగించాడు, చూడు, మామూలు కుర్చీకంటే ముందుకొచ్చి లేవూ. కాళ్ళు నా కొలతకి కోశాడు. కోసిన ముక్కలు పారెయ్యబోతే వంటమనిషి ఆపింది, "ఆయన పొడుగువాడైతే?" అని. గుడ్డలో కట్టి కింద వేలాడదీశాడు. "కోసినదాన్ని అతికించలేనంటివి కదా" అన్నాను. "మేకు కొట్టి ఎత్తు పెంచుతాలే, వస్తే చాలు" అన్నాడు మా బావ.

ఆ తర్వాత రెండో ఏట ఎప్పుడో మందు వచ్చింది. అట్టపెట్టెల్లో, చిన్న చిన్న సీసాలు. సూది మందు. జనం ఏడ్చారంటే నమ్ము. మాష్టారు గడియారాల తాతని ఏడిపించాడు, "ఏమయ్యా, వచ్చినట్టేనా మీవాడు?" అని. తాత సీసా ఎత్తి వెలుగులో పెట్టి చూసి, "ఆలయం లేవలేదు, యుద్ధం ఆగలేదు, అతను కాదు. సూది మటుకు వేయించుకుంటాను" అని చొక్కా చెయ్యి మడిచాడు. ఒక్కొక్కరే ఇళ్ళకెళ్ళారు. అందరూ కాదులే, టీచరమ్మకి ఆలస్యమైపోయింది. మా ఇంటికి మటుకు నేను నడిచే వచ్చాను. మీ నాన్న నన్ను చూసి అద్దం లేదేంటని భయపడి మా అక్క వెనక దాక్కున్నాడు. వారం పట్టింది దగ్గరికి రావడానికి.

కుర్చీ అక్కడే ఉండేది, ఎవరికి ఆయాసమైతే వాళ్ళది. ఆఖరికి ఎవరు కూర్చున్నారో తెలుసా? మా బావే. నలభైయేళ్ళ రంపపుపొట్టు, లోపల పేరుకుంది. దానికి ఆ సూది పనిచెయ్యదు. అప్పటికి ఆస్పత్రిలో పెద్దగా రోగులే లేరు, ఎండగదిలో ఆయనొక్కడే. నేను రోజూ తొమ్మిదింటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడేదాన్ని, ఎర్రటోపీ పెట్టుకుని. ముసలిదానివయ్యావు, ఆ టోపీ ఏంటని నవ్వేవారు జనం. నలభై దాటితే ముసలేనా? లోపలికి వెళ్ళొచ్చు, వెళ్ళేదాన్ని కూడా. కానీ ముందు రోడ్డు మీద నిలబడాలి, అది మా లెక్క. ఒకరోజు అడిగాను, "కుర్చీ సరిపోయిందా బావా?" అని. మోచేతులు ఆనించుకుని, ఊపిరి కూడదీసుకుని, "ఎత్తు కొంచెం తక్కువైంది పిల్లా, నీ కొలత కదా. పర్లేదు, నాది కాదుగా" అన్నాడు. ఆ ముక్కలు కలపనా అంటే వద్దన్నాడు. "అవి వేరేవాళ్ళవి" అన్నాడు. ఆయన పోయాక ఆస్పత్రి మూసేశారు, కుర్చీని నేను ఇంటికి తెచ్చుకున్నాను.

అదీ.

ఏంటలా చూస్తావ్? మూట కట్టెయ్. ముడి అలా కాదు, ఇంకాస్త బిగించు, లారీలో ఊగుతుంది. ఆఁ. కొత్తింట్లో కిటికీ రోడ్డువైపే కదా? అక్కడ వెయ్యండి. ఉండు, తలుపు కొడుతున్నట్టున్నారు. సామాన్లవాళ్ళో ఎవరో. వెళ్ళి చూడు, ఎవరైనా సరే గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకు, లోపలికి రమ్మను.